మిద్దెతోట ఛానెల్‌లో శీర్షిక, వివరణ, ట్యాగులు: నా తర్వాత వచ్చే ఎడిటరుకు అప్పగింత

సోమవారం నుంచి ఈ పని మీ చేతికి వస్తుంది. కట్ చేయడం, రంగు సరిచేయడం, శబ్దం శుభ్రం చేయడం మీకు నేను చెప్పవలసినవి కావు. నా కన్నా బాగా తెలిసినవారు కాబట్టే మిమ్మల్ని తీసుకున్నారు. నేను రాసి ఇవ్వదలచింది వీడియో పూర్తయ్యాక మొదలయ్యే పని గురించి మాత్రమే. శీర్షిక పెట్టడం, వివరణ రాయడం, ట్యాగులు నింపడం అనే ఈ మూడు పనులను నేను ఇక్కడ 4 ఏళ్లు చేశాను. మొదటి ఏడాదంతా తప్పుగా చేశాను. ఆ తప్పు ఎక్కడ ఉందో, ఇప్పుడు మనం పాటించే పద్ధతి దాని నుంచి ఎలా పుట్టిందో తెలియకపోతే, షీట్‌లో ఉన్న నియమాలు మీకు అర్థం లేని ఆచారాల్లా కనిపిస్తాయి. అందుకే జరిగినది జరిగినట్టు చెబుతున్నాను.

మన వీడియోలన్నీ తార్నాకలోని టీచరమ్మ గారి మిద్దె మీద తీసినవే. ఆవిడ సస్యరక్షణ పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవారు. మొక్క గురించి మాట్లాడేటప్పుడు ఆవిడ నోట పొల్లుమాట రాదు. ప్రతి పురుగుకూ ప్రతి తెగులుకూ తెలుగులో ఉన్న సరైన పేరే వాడతారు. ఆ పేర్లు నాకు ఎంతో నచ్చేవి. పిండినల్లి, పేనుబంక, తామర పురుగు, ఆకుముడత అని ఆవిడ చెబుతూ ఉంటే ఇవన్నీ మన భాషలో ఇంత చక్కగా ఉన్నాయా అనుకునేవాణ్ణి. శీర్షికలో కూడా అవే పేర్లు పెట్టేవాణ్ణి. నా తప్పు అక్కడే మొదలైంది.

3 ఏళ్ల కిందట వేసవి చివర్లో మందార మీద వచ్చే పిండినల్లి గురించి 14 నిమిషాల వీడియో చేశాము. చీమలు పిండినల్లిని ఒక కొమ్మ మీద నుంచి ఇంకో కొమ్మ మీదికి ఎలా మోస్తాయో, అది విసర్జించే తియ్యటి జిగురు మీద నల్లటి మసి బూజు ఎందుకు పడుతుందో టీచరమ్మ చూపించారు. ముందుగా నీటి ధారతో గట్టిగా కడిగి, తర్వాత లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, అది నీటిలో కలిసేందుకు కొద్దిగా సబ్బు ద్రావణం చేర్చి, ఎండ తగ్గాక ఆకుల అడుగు భాగం తడిసేలా పిచికారీ చేయాలని చెప్పారు. గుడ్ల నుంచి కొత్త పిల్లలు వస్తూనే ఉంటాయి కాబట్టి వారం తేడాతో మరి రెండుసార్లు చేయాలనీ చెప్పారు. అంత ఉపయోగపడే వీడియోకు నేను పెట్టిన శీర్షిక “మందారలో పిండినల్లి: సమగ్ర సస్యరక్షణ చర్యలు”. టీచరమ్మకు ఆ శీర్షిక నచ్చింది. మన పాత చందాదారులు చూశారు, అంతే. కొత్తవారు రాలేదు.

కారణం ఆ వీడియో గణాంకాల్లో కనిపించలేదు, ఎందుకంటే రానివారి సంగతి అందులో ఉండదు. గులాబీ గురించి చేసిన వేరే వీడియోలో కనిపించింది. యూట్యూబ్ స్టూడియోలో ఏ వీడియోనైనా తెరిచి, Analytics లోకి వెళ్లి, Reach అనే ట్యాబ్‌లో YouTube search అన్న చోట నొక్కితే, జనం ఏ మాటలు టైపు చేసి ఆ వీడియో దగ్గరికి వచ్చారో వరుసగా చూపిస్తుంది. గులాబీ వీడియో కింద ఉన్న ఆ వరుసలో గులాబీతో పాటు మందార వెతుకులాటలు కూడా కొన్ని ఉన్నాయి. `mandaram chettu tella purugu` అని ఒకరు, `hibiscus white insects telugu` అని ఒకరు, `మందార చెట్టుకు తెల్ల పురుగు` అని ఇంకొకరు. పిండినల్లి అన్నవారు ఒక్కరూ లేరు. మందార గురించి అడిగినవారిని యూట్యూబ్ గులాబీ వీడియోకు పంపుతోందంటే, వెతికేవారి మాటలకూ మన మందార వీడియో శీర్షికలోని మాటలకూ మధ్య పోలికే లేదన్నమాట.

ఆ నెలలోనే నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళా జరిగింది. టీచరమ్మతో కలిసి వెళ్లి, వేపనూనె అమ్మే దుకాణం పక్కన గంటసేపు నిలబడి జనం ఎలా అడుగుతున్నారో విన్నాను. ఒకావిడ ఫోన్‌లో ఫోటో చూపిస్తూ “ఆకుల కింద దూది లెక్క తెల్లగ పడుతుంది, ఏం కొట్టాలె?” అని అడిగారు. పక్కనే ఉన్న పెద్దాయన “మాకు కూడా అదే, చెట్టంతా జిగురు జిగురు” అన్నారు. మొక్కకు జబ్బు వచ్చినవారు కంటికి కనిపించింది చెబుతారు గాని పురుగు పేరు చెప్పరు; పేరు తెలిస్తే వారికి సగం వైద్యం తెలిసినట్టే, మన వీడియో అవసరం వారికి అంతగా ఉండదు.

మన పద్ధతికి మూలం ఇదే. శీర్షికలో చూసేవారి నోట వచ్చే మాట ఉండాలి, వివరణ మొదటి రెండు వాక్యాల్లో టీచరమ్మ మాట దానికి జతపడాలి. చూసినవారు “తెల్ల పురుగు” అని వచ్చి “పిండినల్లి” అని తెలుసుకుని వెళ్లాలి. టీచరమ్మ దీనికి ఒప్పుకోవడానికి కొంత సమయం పట్టింది. తెల్లగా ఉన్న ప్రతి పురుగూ పిండినల్లి కాదు, తెల్లదోమ కూడా తెల్లగానే ఉంటుంది కదా అని ఆవిడ అభ్యంతరం. ఆ అభ్యంతరం న్యాయమైనదే. అందుకని వివరణ రెండో వాక్యంలో తేడా రాస్తాము: తాకితే ఎగిరిపోతే తెల్లదోమ, కదలకుండా దూదిలా అంటుకుని ఉంటే పిండినల్లి. శీర్షికలో వాడిన జనం మాట వల్ల ఏ గందరగోళం రావచ్చో టీచరమ్మను ప్రతిసారీ అడిగి, దాన్ని ఆ రెండో వాక్యంలో తీర్చండి. ఇది మీరు మానకూడని పని.

మార్చిన శీర్షిక ఇది: “మందార మొక్కకు తెల్ల పురుగు పడితే ఏం చేయాలి? | Mealybugs on Hibiscus”. మార్చిన రోజున మరేదీ ముట్టుకోలేదు. థంబ్‌నెయిల్ అదే, వివరణ అదే. రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. మార్చిన తేదీ షీట్‌లో రాసి 14 రోజులు ఆగాను. మొదటి వారంలో క్లిక్ శాతం తగ్గింది. నాకు కంగారు పుట్టి పాత శీర్షిక తిరిగి పెట్టబోయాను. అప్పుడు పక్కన ఉన్న ఇంప్రెషన్ల సంఖ్య చూస్తే అది బాగా పెరిగి ఉంది. అంతకు ముందు ఆ వీడియో మన పేరు చూస్తేనే నొక్కే చందాదారులకు మాత్రమే కనిపించేది. ఇప్పుడు మనమెవరో తెలియనివారికి కూడా కనిపిస్తోంది, వారిలో నొక్కేవారి శాతం తక్కువగా ఉండడం సహజం. కాబట్టి క్లిక్ శాతాన్ని ఒంటరిగా ఎప్పుడూ చదవకండి. ఇంప్రెషన్లు పెరిగి శాతం కొద్దిగా తగ్గితే అది మంచి కబురే. ఇంప్రెషన్లు అలాగే ఉండి శాతం పడిపోతేనే శీర్షిక చెడ్డదని అర్థం.

ఇంకొక లెక్క కూడా చూడాలి. వీక్షకులు నిలిచిన తీరు చూపించే గ్రాఫ్‌లో 0:30 దగ్గర ఎంతమంది మిగిలారో స్టూడియో చెబుతుంది. శీర్షిక మార్చాక క్లిక్కులు పెరిగి, ఆ 30 సెకన్లలో వెళ్లిపోయేవారు కూడా పెరిగితే, మనం ఇచ్చిన మాట వీడియో మొదట్లో కనిపించడం లేదన్నమాట. మందార వీడియోలో ఆ సంఖ్య నిలబడింది, ఎందుకంటే టీచరమ్మ మొదటి మాటే ఆకు తిప్పి ఆ తెల్లటి దూదిని చూపిస్తూ మొదలవుతుంది. నిలబడనప్పుడు దిద్దవలసింది శీర్షికా, మొదటి నిమిషమా అన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి.

“3 రోజుల్లో మాయం”, “ఒక్క స్ప్రేతో ఖతం” వంటివి మన శీర్షికల్లో రావు. పిండినల్లికి 3 వారాలు పడుతుందని లోపల చెబుతూ బయట 3 రోజులని రాస్తే అది అబద్ధం. తప్పుదోవ పట్టించే శీర్షికల మీద యూట్యూబ్‌కు నిబంధన కూడా ఉంది గాని, మనం రాయకపోవడానికి కారణం అది కాదు. ఒకసారి కొట్టి ఆపేసినవారి మందారకు మళ్లీ పురుగు పట్టినప్పుడు వారు టీచరమ్మ మాటను నమ్మరు.

ఇక అక్షరాల లెక్క. శీర్షికకు యూట్యూబ్ ఇచ్చే హద్దు 100. ఆ లెక్క మనం కంటితో చూసే అక్షరాల లెక్క కాదు. తెలుగులో గుణింతం, సున్న, వత్తును కలిపే పొల్లు గుర్తు, ఆ వత్తు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. “పిండినల్లి” మనకు నాలుగక్షరాలు; యంత్రానికి 10. “మొక్కకు” మనకు మూడు, దానికి 7. పైన రాసిన మందార శీర్షిక మొత్తం 67. మనం పెట్టుకున్న హద్దు 70. ఫోన్‌లో రెండు వరుసలు నిండాక శీర్షిక చుక్కలతో తెగిపోతుంది, తెలుగు అక్షరాలు వెడల్పు కాబట్టి ఇంగ్లీషు కన్నా ముందే తెగుతుంది. అందువల్ల తెలుగు భాగం ఎప్పుడూ ముందు, ఇంగ్లీషు పేరు నిలువు గీత తర్వాత. తెగితే ఇంగ్లీషు తెగాలి. ఇంకా ఒక చిన్న సంగతి: శీర్షికలోనూ వివరణలోనూ `<`, `>` గుర్తులు చెల్లవు, “5 మి.లీ. కన్నా తక్కువ” అని మాటల్లోనే రాయండి.

ఇంగ్లీషు లిపిలో తెలుగు మాటలను శీర్షికలో ఎందుకు పెట్టకూడదని మీరు అడగవచ్చు, ఎక్కువమంది వెతికేది అలాగే కదా. నేను ఆరు నెలలు అలా చేసి చూశాను. కష్టం ఏమిటంటే ఒకే మాటను ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు: `mandaram`, `mandara`, `mandhara`. ఏదో ఒకటి ఎంచుకుంటే మిగిలినవి వదిలేసినట్టే, అన్నీ పెడితే శీర్షిక చదవడానికి రాదు. ఇంగ్లీషు పేరుకు ఆ బాధ లేదు, దాదాపు అందరూ ఒకే విధంగా రాస్తారు. ఆ రకరకాల వర్తనులకు చోటు ట్యాగుల్లో ఉంది.

మరో ప్రయత్నం కూడా చేసి మానుకున్నాము, దాన్ని మీరు మళ్లీ చేయకుండా చెబుతున్నాను. స్టూడియోలో శీర్షికకూ వివరణకూ వేరే భాషలో అనువాదం చేర్చే సదుపాయం ఉంది. ఇంగ్లీషు అనువాదం చేర్చితే తెలుగు రానివారికి కూడా అర్థమవుతుందనుకున్నాను. అయితే ఆ అనువాదం ఎవరికి చూపించాలో యూట్యూబ్ చూసేవారి భాషా అమరికను బట్టి నిర్ణయిస్తుంది. హైదరాబాదులో తెలుగువారి ఫోన్లలో చాలావాటి అమరిక ఇంగ్లీషే. టీచరమ్మ చెల్లెలు గారు ఫోన్ చేసి, “అక్కా, మీరు ఇంగ్లీషులోకి మారారా?” అని అడిగాక గాని మాకు తెలియలేదు. మనం ఎవరి కోసం తెలుగు మాట వెతికి పెట్టామో వారికే అది కనిపించకుండా పోయింది. ఆ అనువాదాలన్నీ తీసేశాను. వీడియో భాష, శీర్షిక భాష రెండూ తెలుగు అని ఉన్నాయో లేదో మాత్రం ప్రతిసారీ చూడండి.

వివరణలో మొదటి రెండు వాక్యాలే అందరి కంటా పడేవి. మిగతాది నొక్కి తెరిచినవారికే. ఛానెల్ పరిచయం, ఇతర లంకెలు అక్కడ పెట్టకండి. మందార వీడియోకు ఇప్పుడు ఉన్న మొదటి వాక్యాలు ఇవి: “మందార ఆకుల కింద, మొగ్గల దగ్గర దూదిలా తెల్లగా అంటుకుని ఉండేది పిండినల్లి. తాకగానే ఎగిరిపోతే అది తెల్లదోమ, దానికి పద్ధతి వేరు.” వాటి తర్వాత కావలసిన వస్తువులు కొలతలతో రాస్తాము. వేపనూనె కొలత కోసం వీడియోను మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పుకునే పని చూసేవారికి ఉండకూడదు. ఆ కొలతలు టీచరమ్మ చదివి సరే అన్నాకే వీడియో బయటికి వెళ్లాలి. ఒకసారి నేను 5 మి.లీ.కి బదులు 50 అని కొట్టాను. అచ్చుతప్పుతో ఆకులు మాడేవి మొక్కలవి, మాట పోయేది ఆవిడది. ప్రచురించక ముందే ఆవిడ చూశారు కాబట్టి సరిపోయింది.

కొలతల కింద అధ్యాయాలు. మొదటి వరుస తప్పనిసరిగా `0:00` అయి ఉండాలి, కనీసం మూడు వరుసలు ఉండాలి, సమయాలు పెరుగుతూ పోవాలి, ఏ అధ్యాయమూ 10 సెకన్ల కన్నా తక్కువ ఉండకూడదు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా యూట్యూబ్ మనకు ఏ హెచ్చరికా ఇవ్వదు, ప్లేయర్ కింద గీత ముక్కలుగా విడిపోకుండా ఒకటిగా ఉండిపోతుంది. అధ్యాయాలు పడ్డాయో లేదో తెలుసుకునేందుకు ఆ గీతను చూడడమే దారి. మనకు ఎక్కువగా జరిగే పొరపాటు ఏమిటంటే, సమయాలు రాసుకున్నాక చివరి నిమిషంలో మొదట్లో ఒక హెచ్చరిక పలక చేర్చడం. అప్పుడు అన్ని సమయాలూ ఆ పలక నిడివి మేరకు జరిగిపోతాయి. అధ్యాయాలు ఎప్పుడూ తుది ఎక్స్‌పోర్ట్ చూస్తూ రాయండి, టైమ్‌లైన్ చూస్తూ రాయకండి.

వివరణ నిడివికి హద్దు 5000. ఇక్కడ ఒక మెలిక ఉంది, అది నన్ను ఇబ్బంది పెట్టాక గాని తెలియలేదు. స్క్రిప్టులు యూట్యూబ్‌తో మాట్లాడే దారి అయిన ఏపీఐ నియమాల్లో ఆ 5000 అన్నది బైట్ల లెక్క. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు పడితే, తెలుగులో ప్రతి అక్షరానికీ ప్రతి గుణింతానికీ మూడేసి పడతాయి. అంటే పూర్తి తెలుగు వివరణకు దొరికేది 1666 చోట్లు మాత్రమే, అందులో గుణింతాలూ వత్తులూ లెక్కే. మన వాట్సాప్ గుంపు లంకె మారినప్పుడు పాత వీడియోల వివరణలన్నీ చేత్తో మార్చలేక, మిత్రుడొకరు రాసి ఇచ్చిన చిన్న స్క్రిప్టు నడిపాను. పొడవైన వివరణలున్న వీడియోల దగ్గర అది `invalidDescription` అంటూ ఆగిపోయింది. అప్పటి నుంచి వివరణను 1500 దాటనివ్వడం లేదు. షీట్‌లో పొడవు చూపించే గడి ఉంది. అది ఎర్రగా మారితే తగ్గించండి.

ఆ స్క్రిప్టు రోజే ఇంతకన్నా పెద్ద నష్టం జరిగింది. మార్చినవాటిలో లంకె సరిగ్గా మారింది, ట్యాగులు మాత్రం ఖాళీ అయిపోయాయి. ఏపీఐ ద్వారా వీడియో సమాచారం మార్చేటప్పుడు ఆ భాగంలోని అన్ని విలువలనూ తిరిగి పంపాలి; పంపని దాన్ని అది తీసేయమన్నట్టుగా అర్థం చేసుకుంటుంది. మా స్క్రిప్టు శీర్షిక, వర్గం, కొత్త వివరణ మాత్రమే పంపింది. ట్యాగులన్నీ షీట్‌లో రాసి ఉండడం వల్ల ఒక సాయంత్రం కూర్చుని తిరిగి పెట్టగలిగాను. మీరు ఎప్పుడైనా అలాంటి మార్పు చేయవలసి వస్తే, ముందు వీడియో సమాచారమంతా చదివించి, అందులో వివరణ ఒక్కటే మార్చి, మొత్తం తిరిగి పంపేలా రాయించండి. ముందుగా ఒక్క వీడియో మీద నడిపి ట్యాగులు ఉన్నాయో లేదో చూడండి.

అప్‌లోడ్ డిఫాల్ట్స్‌లో ఇప్పుడు వివరణ చివర వచ్చే లంకెలు, భాష, వర్గం మాత్రమే ఉంచాను. ట్యాగుల గడి కావాలనే ఖాళీగా వదిలాను. ఒకప్పుడు అందులో టమాటా ట్యాగులు ఉండిపోయి, కొన్ని వారాల పాటు కరివేపాకు వీడియోకూ మల్లె వీడియోకూ అవే ఎక్కాయి. డిఫాల్ట్స్ మార్చితే కొత్తగా ఎక్కించే వీడియోలకే వర్తిస్తుంది, పాతవి అలాగే ఉంటాయి. అదీ కంప్యూటర్ బ్రౌజర్ నుంచి ఎక్కించినప్పుడే, కాబట్టి ఫోన్ నుంచి ఎక్కించకండి.

ట్యాగుల విషయంలో ఎక్కువ సమయం పెట్టకండి. వీడియో జనానికి కనిపించడంలో ట్యాగుల పాత్ర చాలా తక్కువ అని యూట్యూబే తన సహాయ పేజీల్లో రాసింది. జనం తరచుగా తప్పు వర్తనితో రాసే పేర్లకు మాత్రం ఉపయోగపడతాయని చెప్పింది. తెలుగు మొక్కల పేర్లు ఇంగ్లీషు లిపిలో రాసినప్పుడు ప్రతి వర్తనీ ఒక విధంగా తప్పే, ఒక విధంగా ఒప్పే. కాబట్టి మనం ట్యాగులను ఆ ఒక్క పనికే వాడుతున్నాము. మందార వీడియోకు ఉన్నవి ఇవి:

```
పిండినల్లి, మందార తెల్ల పురుగు, mandaram tella purugu,
mandara chettu purugu, mandhara mokka, pindinalli,
mealybug, mealy bug, milibug, middethota
```

హద్దు 500, కామాలు కూడా అందులో లెక్కకు వస్తాయి, ఖాళీ ఉన్న ట్యాగుకు కొటేషన్ గుర్తులు ఉన్నట్టుగా లెక్కిస్తారు. మనం సగం కూడా వాడము. ఈ ట్యాగులను తీసుకెళ్లి వివరణ అడుగున గుట్టగా పోయడం యూట్యూబ్ నిబంధనలకు విరుద్ధం. హ్యాష్‌ట్యాగులు మూడు చాలు. 60 దాటితే అన్నింటినీ పట్టించుకోదు, మనకు మూడో దానికే మంచి మాట దొరకడం కష్టం.

పని జరిగే వరుస మాత్రం మార్చకండి. బుధవారం షూటింగ్ ఉంటే మంగళవారం నాటికే మూడు శీర్షికలు రాసి పెట్టుకుంటాము, ఎందుకంటే టీచరమ్మ మొదటి వాక్యం ఆ శీర్షికకు జవాబుగా ఉండాలి. వాటిని రాసే ముందు మన ఖాతాతో లాగిన్ కాని బ్రౌజర్ కిటికీలో యూట్యూబ్ తెరిచి, మొక్క పేరు తెలుగులోనూ ఇంగ్లీషు లిపిలోనూ టైపు చేసి, కింద వచ్చే సూచనలను షీట్‌లో ఎక్కించాలి. మన సొంత ఖాతాతో చూస్తే మన అలవాట్లే మనకు తిరిగి కనిపిస్తాయి. ఎడిటింగ్ అయ్యాక ఒక శీర్షిక ఎంచుకుని, వివరణ రాసి, టీచరమ్మకు పంపి, ఆవిడ సరే అన్నాక ట్యాగులు నింపుతాము. బయటికి వెళ్లిన రెండో రోజున ఒకసారి, 14వ రోజున ఒకసారి వెతుకులాట మాటలు చూస్తాము. రెండో రోజున శీర్షిక మార్చాలనే కోరిక బలంగా పుడుతుంది. అప్పటికి చూసింది చందాదారులే కాబట్టి ఆగండి.

మీరు రాగానే చేయవలసిన వీడియో ఒకటి మిగిలి ఉంది. కుండీలో గోంగూర గురించినది, కట్ పూర్తయింది, శీర్షిక తేలలేదు. మన చుట్టుపక్కల, తెలంగాణ ఊళ్లలో దీన్ని పుంటికూర అంటారు. కోస్తావారు గోంగూర అనే అంటారు. రెండు పేర్లూ శీర్షికలో ఉండాలని నా అభిప్రాయం, ఎందుకంటే ఇది వర్తని తేడా కాదు, మాటే వేరు, ట్యాగులకు వదిలేస్తే సరిపోదు. “కుండీలో గోంగూర, పుంటికూర: ఒకసారి విత్తి పలుమార్లు కోసుకోవడం” అని షీట్‌లో రాశాను. పొడవుగా ఉందనిపిస్తే రెండో సగం తగ్గించండి, పేర్లు తగ్గించకండి. ఇంగ్లీషు పేరుగా `sorrel` పెట్టకండి. చుక్కకూరను కూడా అలాగే పిలుస్తారు, ఆ కూర కోసం వచ్చినవారు 30 సెకన్లలో వెళ్లిపోతారు. `Gongura` అనే ఉంచండి. ట్యాగుల్లో `puntikura`, `punti kura`, `gonkura`, `gongoora` ఉన్నాయి.

గోంగూరా మందారా ఒకే కుటుంబపు మొక్కలు కాబట్టి దానికి కూడా పిండినల్లి పడుతుందని టీచరమ్మ 9వ నిమిషంలో చెబుతారు. అక్కడ మందార వీడియోకు కార్డు పెట్టాలి, అది నేను పెట్టలేదు. వివరణలో కొలతలు ఇంకా ఆవిడ చూడలేదు. శుక్రవారం సాయంత్రం 5 దాటాక ఫోన్ చేయండి, అంతకు ముందు ఆవిడ మొక్కలకు నీళ్లు పెడుతూ ఉంటారు.